బిల్లుల వయసు లెక్కేసి రాని బాకీని, వసూలు ఆలస్యాన్ని అంచనా వేయడం ఎలా

సంవత్సరాంతపు లెక్కలు ముగించేటప్పుడు ఆడిటర్ గారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: "రావాల్సిన బాకీల్లో రానివి ఎంత ఉంటాయనుకుంటున్నారు?" చాలా షాపుల్లో దీనికి జవాబు గత ఏడాది రాసిన శాతమే. రెండు శాతం అంటే రెండు శాతం. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందంటే చెప్పేవాళ్లు ఉండరు. నిజానికి ఆ శాతం మీ పాత బిల్లుల్లోనే దాగి ఉంది. ఒక ఎక్సెల్ షీటు, గత ఏడాది నెలాఖరు రిపోర్టులు ఉంటే బయటికి తీయొచ్చు.

ఉదాహరణకు విజయవాడలో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే వ్యాపారం ఒకటి అనుకుందాం. వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు చుట్టుపక్కల ఊళ్ల రిటైల్ షాపులకూ, వైరింగ్ కాంట్రాక్టర్లకూ వెళ్తాయి. అందరికీ 30 రోజుల గడువు. లెక్క కట్టే తేదీ 2025 మార్చి 31. ఆ రోజు లెడ్జర్ల ప్రకారం రావాల్సింది 24,00,000 రూపాయలు. అంకెలు నేను పెట్టుకున్నవే, కానీ పద్ధతి అచ్చంగా ఇదే.

ముందు లిస్టును శుభ్రం చేయండి

పని మొత్తంలో ఎక్కువ సమయం తినేది ఇదే. తప్పులన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి తొందరపడకండి.

ట్యాలీలో Outstandings కింద Receivables తెరిచి, పెండింగ్ బిల్లుల లిస్టును ఎక్సెల్‌లోకి తీయండి. పార్టీ పేరు, బిల్లు నంబరు, బిల్లు తేదీ, గడువు తేదీ, మిగిలిన బాకీ ఉంటే చాలు. ఇప్పుడు బిల్లుల మొత్తం, లెడ్జర్ మొత్తం కలుస్తున్నాయో లేదో చూడండి. మన ఉదాహరణలో బిల్లుల మొత్తం 25,80,000, లెడ్జర్ మొత్తం 24,00,000. తేడా 1,80,000.

ఈ తేడా సాధారణంగా On Account అని ఎంట్రీ వేసిన వసూళ్లది. కుర్రాడు లైనుకెళ్లి యాభై వేలు తెస్తాడు. ఏ బిల్లుకు అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. డబ్బు పార్టీ ఖాతాలో పడుతుంది, బిల్లు మాత్రం తెరిచే ఉంటుంది. మన లెక్కలో ఈ 1,80,000 సర్దకముందు 90 రోజులు దాటిన బాకీ 3,60,000గా కనిపించింది. పార్టీలతో మాట్లాడి ఏ డబ్బు ఏ బిల్లుదో తేల్చాక అది 2,40,000కి దిగింది. 61–90 రోజుల బాకీ కూడా 2,20,000 నుంచి 1,60,000కి తగ్గింది. అసలు లేని మొండి బకాయికి ఏర్పాటు, అంటే ప్రొవిజన్, రాసుకోబోయామన్నమాట.

పార్టీ చెప్పలేకపోతే పాత బిల్లుకే ముందు సర్దడం వాడుక. అయితే పార్టీ ఏదైనా బిల్లు మీద గొడవ పడుతూ, దాన్ని పక్కన పెట్టి తర్వాతి బిల్లులకు కడుతుంటే అలా సర్దకండి. సర్దితే గొడవలో ఉన్న బిల్లు లిస్టులోంచి మాయమై, మామూలుగా వచ్చేసే కొత్త బిల్లు దాని స్థానంలో కూర్చుంటుంది.

పాత బాకీని కొత్తదిగా చూపించే తప్పులు రెండున్నాయి. ఇవి మరీ ప్రమాదం, ఎందుకంటే వీటివల్ల మొత్తం మారదు, వయసే మారుతుంది. మొదటిది చెక్ బౌన్స్. చెక్ తిరిగొచ్చినప్పుడు ఆ ఎంట్రీని New Ref అని వేస్తే, నాలుగు నెలల నాటి బాకీ ఈ రోజు పుట్టినట్టు అవుతుంది. Agst Ref ఎంచుకోవాలి. ఆ పాత బిల్లు నంబరు లిస్టులో కనిపించకపోతే నంబరు చేత్తో కొట్టి, గడువు తేదీ పాతదే ఉందో లేదో చూసుకోండి. రెండోది ఓపెనింగ్ బ్యాలెన్స్. కొత్త సంవత్సరానికి కొత్త కంపెనీ ఫైలు తెరిచి, ఒక్కో పార్టీ బాకీని ఏప్రిల్ 1 తేదీతో ఒకే మొత్తంగా ఎక్కించేసే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. అలా చేసిన క్షణం పాత బాకీలన్నీ కుర్రవైపోతాయి. బిల్లువారీగానే ఎక్కించాలి.

ఇక సరుకు వాపసు, రేటు తేడా, స్కీము డిస్కౌంటు కోసం మీరు ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు. వీటివల్ల ఆగిన బాకీ మొండి బకాయి కాదు. ఎలాగూ ఇవ్వాల్సినవే కాబట్టి అవి ముందే వేసేసి లెక్క మొదలుపెట్టండి. ఏదైనా పార్టీ మీకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే దాన్ని వేరే పార్టీల బాకీలోంచి తీసేయకూడదు. అది మీరు ఇవ్వాల్సిన డబ్బు, విడిగా ఉండాలి.

వయసు గడువు నుంచి లెక్కించండి

బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే 30 రోజుల గడువున్న పార్టీ, 60 రోజుల గడువున్న పార్టీ ఒకే వరుసలో పడతారు. ఒకాయన నెల ఆలస్యం చేశాడు, ఇంకొకాయనకు ఇంకా గడువే రాలేదు. అందుకే గడువు తేదీ నుంచి ఎన్ని రోజులు దాటిందో చూస్తాం.

షీటులో D కాలమ్ గడువు తేదీ, E మిగిలిన బాకీ, J1లో 2025 మార్చి 31 అనుకోండి. F కాలమ్‌లో దాటిన రోజులు వస్తాయి. తర్వాతి రెండు ఫార్ములాలు గడువు దాటని బాకీనీ, 1–30 రోజుల బాకీనీ కూడతాయి. మిగతా వరుసలకు అంకెలు మార్చుకుంటే సరి.

```
=$J$1-D2
=SUMIFS(E:E,F:F,"<=0")
=SUMIFS(E:E,F:F,">0",F:F,"<=30")
```

మన వ్యాపారానికి వచ్చిన పట్టిక ఇది:

| గడువు దాటి | బాకీ (రూ.) |
|---|---|
| దాటలేదు | 11,00,000 |
| 1–30 రోజులు | 6,00,000 |
| 31–60 రోజులు | 3,00,000 |
| 61–90 రోజులు | 1,60,000 |
| 90 పైన | 2,40,000 |
| మొత్తం | 24,00,000 |

మీది కంపెనీ అయితే బ్యాలెన్స్ షీటు నోట్స్‌లో కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం వేరే వరుసలు చూపాలి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి–రెండు ఏళ్లు, రెండు–మూడు ఏళ్లు, మూడేళ్ల పైన. అది చూపించడానికి. అంచనా వేయడానికి మాత్రం నెలవారీ వరుసలే పనికొస్తాయి. ఆరు నెలలను ఒకే ముద్దగా చూస్తే బాకీ ఎక్కడ చెడడం మొదలైందో తెలియదు.

శాతాలను మీ పాత లెక్కల్లోంచే తీయండి

అసలు విషయం ఇక్కడుంది. "90 దాటితే సగం పోయినట్టే" లాంటి మాటలు మార్కెట్‌లో చాలా తిరుగుతుంటాయి. మందుల వ్యాపారానికీ, సిమెంటు వ్యాపారానికీ, మన వైర్ల వ్యాపారానికీ అదే మాట వర్తించదు. మీ శాతం మీ లెడ్జర్‌లోనే దొరకాలి.

ప్రతి నెలాఖరుకూ పై పట్టికలాంటిది ఒకటి తయారు చేసుకోండి, గత పన్నెండు నెలలకు. ట్యాలీలో తేదీ వెనక్కి మార్చి రిపోర్టు తీస్తే ఆ రోజుటి పెండింగ్ బిల్లులు వస్తాయి. ఇప్పుడు ఒక నెల పట్టికను పక్క నెల పట్టికతో పోల్చండి. నవంబర్ 30న గడువు దాటని బాకీ 10,00,000 ఉండి, డిసెంబర్ 31న 1–30 వరుసలో 5,00,000 ఉందంటే, నెలలో సగం వసూలైంది, సగం కిందికి జారింది. జారుడు 50 శాతం. ఇలాగే 1–30 నుంచి 31–60కి ఎంత జారింది, అక్కడి నుంచి 61–90కి ఎంత, ఆ తర్వాత 90 పైకి ఎంత అని చూడాలి. పన్నెండు నెలల శాతాలకు సగటు తీయొద్దు. జారిన మొత్తాలన్నీ కూడి, మొదట ఉన్న మొత్తాలన్నిటి కూడికతో భాగించండి. లేకపోతే వ్యాపారం తక్కువ జరిగిన నెల కూడా పెద్ద నెలతో సమానంగా లెక్కలోకి వస్తుంది.

చివరి వరుసకు ఈ పద్ధతి కుదరదు, 90 దాటాక జారడానికి ఇంకో వరుస లేదు కదా. దానికి రెండేళ్లు వెనక్కి వెళ్లండి. 2023 మార్చి 31న 90 దాటి ఉన్న బిల్లులు ఒక్కొక్కటీ తీసి, 2025 మార్చి 31 నాటికి వాటి గతి ఏమైందో చూడండి. మన ఉదాహరణలో అవి 2,00,000. వచ్చింది 1,20,000. మిగతా 80,000 రాలేదు, అంటే 40 శాతం. "ఇంతకు ముగించేద్దాం" అని సెటిల్‌మెంట్‌లో వదిలేసిన డబ్బు కూడా రాని దాంట్లోనే కలపాలి. దాన్ని డిస్కౌంటు ఖాతాలో రాసేసి ఉంటారు, వెతకండి.

ఇక కింది నుంచి పైకి గుణించుకుంటూ పోవడమే. మన వ్యాపారంలో జారుడు వరుసగా 50, 40, 50, 50 శాతం వచ్చిందనుకోండి. 90 పైన ఉన్నదాంట్లో 40 శాతం పోతుంది. 61–90లో సగం అక్కడికి జారుతుంది కాబట్టి అందులో పోయేది 20 శాతం. 31–60లో సగం 61–90కి జారుతుంది, కాబట్టి 10 శాతం. 1–30లో 40 శాతం జారుతుంది, కాబట్టి 4 శాతం. గడువు దాటని బిల్లుల్లో సగం జారుతుంది, కాబట్టి 2 శాతం.

గడువే రాని బిల్లుకు 2 శాతం ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఈ రోజు మొండికేసిన ప్రతి బిల్లూ ఒకప్పుడు గడువు రాని బిల్లే. వాటిలో ఏది మొండికేస్తుందో మనకు తెలియదు, కొంత మొండికేస్తుందని మాత్రం తెలుసు.

తెలిసిన మొండి పార్టీలను విడిగా తీయండి

శాతం వేసేముందు లిస్టును పేర్లవారీగా ఒకసారి చదవండి. 90 పైన ఉన్న 2,40,000లో 90,000 ఒకే కాంట్రాక్టర్‌ది. ఆయన గోడౌన్ ఖాళీ చేశాడు, ఫోను ఎత్తడం లేదు. ఆయనకు సగటు శాతం వేయడంలో అర్థం లేదు. 90,000 పూర్తిగా రాదనే రాసుకోవాలి. ఇలాంటి పార్టీకి గడువు రాని కొత్త బిల్లు ఉన్నా, దాన్ని కూడా ఇక్కడికే లాగాలి. పాతది కట్టని మనిషి కొత్తది కడతాడని బిల్లు వయసు చెప్పినా నమ్మొద్దు.

అయితే మిగిలిన 1,50,000కి మళ్లీ 40 శాతం వేస్తే కొంత రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. ఆ 40 శాతంలో పాత ఏళ్ల పారిపోయిన పార్టీలు కూడా ఉన్నాయి కదా. 2023 నాటి లిస్టులో అలాంటివాళ్లను తీసేసి చూస్తే మిగతావాళ్లలో రానిది 30 శాతం తేలిందనుకోండి, 1,50,000కి అదే వేయాలి. పై వరుసలకు మాత్రం పాత శాతాలే ఉంచండి. అక్కడ ఎవరు పారిపోతారో ఇంకా తేలలేదు.

| బాకీ | శాతం | రాని అంచనా (రూ.) |
|---|---|---|
| దాటనిది 11,00,000 | 2 | 22,000 |
| 1–30: 6,00,000 | 4 | 24,000 |
| 31–60: 3,00,000 | 10 | 30,000 |
| 61–90: 1,60,000 | 20 | 32,000 |
| 90 పైన, మిగతావి 1,50,000 | 30 | 45,000 |
| కాంట్రాక్టర్ 90,000 | 100 | 90,000 |
| మొత్తం | | 2,43,000 |

బిల్లులో జీఎస్టీ కూడా ఉంది కాబట్టి, దాన్ని తీసేసి మిగతాదానికే శాతం వేయాలా అన్న అనుమానం రావొచ్చు. తీయొద్దు. పార్టీ డబ్బు ఎగ్గొట్టినంత మాత్రాన మీరు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, మొత్తం నష్టం మీదే. వసూలుకు పనికొచ్చే జీఎస్టీ నియమం మాత్రం ఒకటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, కొన్నవాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఐదో నెలలో ఫోన్ చేసేటప్పుడు ఈ మాట గుర్తుచేస్తే, రిజిస్ట్రేషన్ ఉన్న షాపుల్లో కొందరు వెంటనే కదులుతారు.

ఎంట్రీ తేడాకే

పుస్తకాల్లో రాని బాకీల ఏర్పాటు కింద ఇప్పటికే 1,60,000 ఉందనుకోండి. ఈ ఏడాది కొట్టేసిన బాకీలు పోను మిగిలిన నిల్వ అది. కావాల్సింది 2,43,000. జర్నల్ ఎంట్రీ తేడా 83,000కే: లాభనష్టాల ఖాతాకు డెబిట్, ఏర్పాటు ఖాతాకు క్రెడిట్. మొత్తం 2,43,000 మళ్లీ రాస్తే పాత నష్టాన్ని రెండోసారి చూపినట్టే.

ఈ 83,000 ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఖర్చు కాదు. మనలాంటి వ్యాపారికి ఏర్పాటు మీద మినహాయింపు లేదు, బాకీని పుస్తకాల్లో కొట్టేసిన ఏడాదే వస్తుంది. బాకీ ఇక రాదని నిరూపించనక్కర్లేదనీ, కొట్టేస్తే చాలనీ 2010లో టి.ఆర్.ఎఫ్. లిమిటెడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని కాంట్రాక్టర్ 90,000ని ఏర్పాటులోనే ఉంచాలా, కొట్టేయాలా అన్నది ఆడిటర్‌తో మాట్లాడి తేల్చుకోండి. కొట్టేసినా అడిగే హక్కు పోదు. తర్వాత డబ్బు వస్తే ఆ ఏడాది ఆదాయంగా చూపాలి.

రెండేళ్లు దాటిన బిల్లులకు ఎదురుగా ఒక గుర్తు పెట్టుకోండి. అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. గడువు ఒప్పుకుని అమ్మితే ఆ గడువు ముగిసిన రోజు నుంచి లెక్క. ఆ మూడేళ్లు దాటకముందే పార్టీ బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. దాటాక వచ్చిన సంతకానికి ఆ బలం ఉండదు.

సగటు ఆలస్యం లెక్క

"మన పార్టీలు సగటున ఎన్ని రోజులు ఆలస్యం చేస్తున్నారు?" అన్నదానికి బిల్లులను లెక్కబెట్టి సగటు తీస్తే తప్పుతుంది. ఒక పార్టీ మూడు బిల్లులు కట్టిందనుకోండి. లక్ష రూపాయల బిల్లు 10 రోజులు, 40,000 బిల్లు 25 రోజులు, 20,000 బిల్లు 60 రోజులు ఆలస్యం. మామూలు సగటు దాదాపు 32 రోజులు. డబ్బు పరిమాణంతో తూచి చూస్తే 20 రోజులే. పెద్ద మొత్తం త్వరగానే వచ్చింది, చిన్నది నానింది. మీ బ్యాంకు ఖాతాకు పట్టేది రెండో అంకే.

వేరే షీటులో C కాలమ్ గడువు తేదీ, D డబ్బు వచ్చిన తేదీ, E వచ్చిన మొత్తం పెట్టండి. ఒక బిల్లు మూడు విడతల్లో వస్తే మూడు లైన్లు రాయాలి. గడువుకు ముందే కట్టినవాళ్లకు రోజులు మైనస్‌లో వస్తాయి, వాటిని సున్నా చేయకండి. చెక్కు అయితే ఇచ్చిన తేదీ కాదు, పాసైన తేదీ.

```
=SUMPRODUCT(E2:E500,D2:D500-C2:C500)/SUM(E2:E500)
```

ఇందులో ఒక మోసం ఉంది. ఈ లెక్కలోకి వచ్చేది కట్టేసినవాళ్లే. అసలు కట్టనివాళ్లు బయటే ఉంటారు కాబట్టి అంకె ఎప్పుడూ అందంగా కనిపిస్తుంది. పోనీ పెండింగ్ బిల్లుల మీదే సగటు తీద్దామా అంటే, అక్కడ చెడ్డవే పోగై ఉంటాయి. అందుకే ఒక కాలంలో వేసిన బిల్లులన్నీ కలిపి తీసుకోవాలి, కట్టినవీ కట్టనివీ.

మన వ్యాపారంలో 2024 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వేసిన బిల్లులు 33,00,000. మార్చి 31 నాటికి 30,00,000 వచ్చింది, తూచిన ఆలస్యం 18 రోజులు. రాని 3,00,000కి ఆ రోజు వరకు దాటిన ఆలస్యం సగటున 95 రోజులు. 30ని 18తో, 3ని 95తో గుణించి కూడితే 825. దాన్ని 33తో భాగిస్తే 25 రోజులు. రాని బిల్లులు ఇంకా నానుతూనే ఉంటాయి కాబట్టి ఇది "కనీసం 25" అని చదవాలి.

సరిచూసుకోవడానికి ఒక దగ్గరిదారి ఉంది. జనవరి నుంచి మార్చి వరకు 90 రోజుల్లో అప్పు అమ్మకాలు, జీఎస్టీతో కలిపి, 36,00,000. అంటే రోజుకు 40,000. బాకీ 24,00,000ని దాంతో భాగిస్తే 60 రోజుల అమ్మకం బయట ఉన్నట్టు. గడువు 30 పోను ఆలస్యం 30. పైన వచ్చిన 25కి దగ్గర్లోనే ఉంది, తేడా ఎక్కువగా 90 పైన పేరుకున్న పాత బాకీది. రెండు లెక్కల మధ్య ఇరవై, ముప్పై రోజుల తేడా వస్తే మాత్రం మొదటి షీటుకు వెళ్లి On Account వసూళ్లు మళ్లీ చూడండి. అమ్మకాలను జీఎస్టీ లేకుండా, బాకీని జీఎస్టీతో తీసుకున్నా ఇదే తిక్క వస్తుంది. మార్చిలో టార్గెట్ కోసం సరుకు తోసేసి ఉంటే ఈ దగ్గరిదారి మీద అంతగా ఆధారపడకండి. నెలాఖరు అమ్మకాలు బాకీని ఒక్కసారిగా ఉబ్బిస్తాయి.

25 రోజులంటే, రోజుకు 40,000 చొప్పున, పది లక్షలు పార్టీల దగ్గర గడువు దాటి తిరుగుతోందని. ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ 12 శాతం అయితే ఏడాదికి 1,20,000. మొండి బకాయి అంచనాలో సగం దాకా ఉన్న ఈ ఖర్చు వడ్డీ ఖాతాలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. గడువు పెంచమని అడిగే పార్టీకి రేటు చెప్పేటప్పుడు పక్కన ఉండాల్సిన అంకె ఇది.

ఎక్కడ నమ్మకూడదు

ఈ శాతాలు చాలామంది చిన్న పార్టీలున్న చోట బాగా పనిచేస్తాయి. మీ బాకీలో మూడో వంతు ఒక్క పార్టీదే అయితే సగటుకు అర్థం లేదు. ఆ పార్టీని విడిగా కూర్చుని చూడాల్సిందే. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లు కూడా అంతే. వాళ్లకు బిల్లు మంజూరయ్యే దాకా మీకు డబ్బు రాదు, 90 దాటుతుంది, తర్వాత ఒకేసారి మొత్తం వస్తుంది. వాళ్లను రిటైల్ షాపులతో కలిపితే 90 పైన రాని శాతం తక్కువగా తేలి, మూతపడబోయే షాపుకు కూడా అదే తక్కువ శాతం పడుతుంది. పార్టీలు సరిపడా ఉంటే రెండు గుంపులకు రెండు పట్టికలు వేయండి.

ఏప్రిల్ 30న మళ్లీ పట్టిక తీసినప్పుడు 1–30 వరుసలో దాదాపు 5,50,000, 31–60లో 2,40,000 ఉండాలి. మన శాతాలు చెప్పేది అదే. 31–60లో 3,50,000 కనిపిస్తే జారుడు 40 నుంచి 58 శాతానికి పెరిగినట్టు. ఏ ఊరి లైనులో, ఏ సేల్స్‌మన్ పార్టీల దగ్గర పెరిగిందో ఆ వారమే చూడండి.